పిన్ని పచ్చళ్ళూ, స్పామ్ ఫోల్డరూ

మా పిన్ని రాజమండ్రిలో ఇంటి నుంచే పచ్చళ్ళు, పొడులు అమ్ముతుంది. బోర్డున్న షాపేమీ లేదు. ఒక చిన్న వెబ్‌సైట్, వెనక వంటింట్లో నాలుగు జాడీలు, ప్యాకింగ్‌కి ఇద్దరు ఆడవాళ్ళు, అంతే. ఏడాదిలో ఆమె వ్యాపారం సగం పైన ఆవకాయ మీదే నడుస్తుంది. ఆవకాయ పెట్టేది ఏప్రిల్, మే నెలల్లో అయినా గుంటూరు మిరపకాయలు కొనాల్సింది ఫిబ్రవరి, మార్చిలోనే. నూనె, ఆవాలు, వెల్లుల్లి కూడా ముందే చూసుకోవాలి. ఎన్ని కేజీలు కొనాలో తెలియాలంటే ఎన్ని జాడీలు బుక్ అయ్యాయో తెలియాలి. అందుకే ప్రతి జనవరి చివర్లో ‘ఈ ఏడాది ఆవకాయ బుకింగ్ మొదలైంది’ అని పాత కస్టమర్లందరికీ ఒక మెయిల్ పంపుతుంది.

రెండేళ్ళ కిందట 600 మందికి పంపితే 43 ఆర్డర్లు వచ్చాయి. పోయినేడు 2,100 మందికి పంపితే వచ్చినవి తొమ్మిది. వారం తర్వాత కాకినాడ నుంచి ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి “ఈసారి మాకు చెప్పనేలేదేంటండీ?” అని అడిగారు. ఆవిడకి మెయిల్ వెళ్ళింది, కాకపోతే స్పామ్‌లో ఉంది. మిరపకాయలకి డబ్బు కట్టడానికి పిన్నికి ఇంకా ఆరు వారాలే టైముంది. “ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, చూడరా” అంది. అలా ఈ సబ్జెక్ట్ నా నెత్తిన పడింది.

స్పామ్ ఫిల్టర్ అనగానే మనకి గుర్తొచ్చేది ‘ఫ్రీ’, ‘ఆఫర్’ లాంటి మాటలు పట్టుకునే యంత్రం. నిజానికి అది మాటల దగ్గరికి వచ్చేది చివర్లో. మొదట ‘నువ్వెవరు’ అని అడుగుతుంది, తర్వాత ‘వీళ్ళు నిన్ను రమ్మన్నారా’ అని, ఆ తర్వాతే ‘ఏం చెప్తున్నావు’ అని. నేను కూడా అదే వరసలో చూసుకుంటూ వెళ్ళాను.

నువ్వెవరు అన్న ప్రశ్నకి జవాబు వెతకడం తేలిక. జీమెయిల్‌లో ఏదైనా మెయిల్ తెరిచి, పక్కన మూడు చుక్కలు నొక్కి, `Show original` అని ఉన్నదాన్ని నొక్కితే ఆ మెయిల్ ప్రయాణం మొత్తం కనిపిస్తుంది. మా తమ్ముడికి వచ్చిన పిన్ని మెయిల్ తెరిచి చూశాను. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్. రెండూ పాసే కదా, మరి గొడవేంటి? కింద అసలు లైన్లు చూస్తే విషయం అర్థమైంది. డొమైన్ పేర్లు మాత్రం మార్చి రాస్తున్నాను.

```
From: Pinni Pachallu <hello@pinnishop.example>
Return-Path: <b-7731@mailer.example>
DKIM-Signature: ... d=mailer.example; ...
```

పిన్ని మెయిల్స్ ఒక బల్క్ మెయిల్ సర్వీస్ ద్వారా వెళ్తాయి. ఎస్‌పీఎఫ్ అంటే ‘ఈ డొమైన్ పేరుతో ఈ సర్వర్లు పంపొచ్చు’ అని డీఎన్‌ఎస్‌లో పెట్టే జాబితా. కాకపోతే అది చూసేది మనకి కనిపించే `From` అడ్రస్‌ని కాదు, తిరుగు టపా వెళ్ళే `Return-Path` అడ్రస్‌ని. డీకిమ్ అంటే మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం. సంతకం సరైనదో కాదో చూసే పబ్లిక్ కీ ఆ డొమైన్ డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. మా మెయిల్‌లో ఈ రెండూ సర్వీస్ వాళ్ళ డొమైన్‌వే. అంటే పార్సిల్ మీద పంపినవారి పేరు పిన్నిది, ముద్రలు మాత్రం ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళవి. ముద్రలు అసలైనవే, కానీ అవి పిన్నిని గుర్తుపట్టడానికి పనికిరావు.

దీని వల్ల నష్టం రెండు విధాలు. పిన్ని మూడేళ్ళుగా మంచి మెయిల్స్ పంపి సంపాదించుకున్న పేరు ఆమె డొమైన్ ఖాతాలో సరిగా జమ కాలేదు. పైగా అదే సర్వీస్ నుంచి పంపే ఊరూపేరూ లేని వేలమంది మంచిచెడ్డలతో ఆమె కూడా కలిసిపోయింది. `From` లో ఉన్న డొమైనూ, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పాసైన డొమైనూ ఒకటేనా అని చూసేదే డీమార్క్. పిన్ని డొమైన్‌కి ఆ రికార్డే లేదు.

సరిచేయడానికి ఒక సాయంత్రం పట్టింది. సర్వీస్ సెట్టింగుల్లో సొంత డొమైన్‌తో సంతకం చేసే వీలుంది. అది ఇచ్చిన రెండు రికార్డులు డొమైన్ కొన్న చోట డీఎన్‌ఎస్‌లో పెట్టాను. ఆ తర్వాత ఇది:

```
_dmarc.pinnishop.example  TXT
"v=DMARC1; p=none; rua=mailto:dmarc@pinnishop.example"
```

ఇందులో `p=none` అంటే ‘పరీక్షలో ఫెయిలైన వాటిని ఇప్పుడే ఆపొద్దు, నాకు రిపోర్ట్ మాత్రం పంపు’ అని. మొదటే `p=reject` పెడితే, ఎక్కడో మర్చిపోయిన ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిల్ కూడా ఆగిపోవచ్చు. అందుకని కొన్ని వారాలు రిపోర్టులు చూసి, మన మెయిల్స్ అన్నీ పాసవుతున్నాయని తేలాకే గట్టిపరచాలి. మర్నాడు పంపిన టెస్ట్ మెయిల్‌లో `d=pinnishop.example` అని కనబడింది. ముద్ర పిన్నిదయింది.

జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ విషయంలో నియమాలు గట్టి చేశాయి. జీమెయిల్ అకౌంట్లకి రోజుకి 5,000 మెయిల్స్ పైన పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. పిన్ని ఆ లెక్కకి చాలా దూరం. కానీ చిన్నవాళ్ళని ఫిల్టర్ వేరే కళ్ళతో చూడదు. చిన్నవాళ్ళ గురించి దానికి తెలిసింది తక్కువ, కాబట్టి అనుమానమే ఎక్కువ.

అయితే ముద్ర వేసుకున్నంత మాత్రాన ఇన్‌బాక్స్ తలుపు తెరుచుకోదు. ఎవరో తెలిసింది, అంతే. దొంగ కూడా తన ఆధార్ కార్డు చూపించగలడు. అసలు రోగం రెండో ప్రశ్నలో ఉంది.

600 పేర్ల లిస్టు 2,100 ఎలా అయింది? పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ ఎక్కడి నుంచి వచ్చిందో విడదీశాను. పచ్చళ్ళు కొన్నవాళ్ళు 640 మంది. వెబ్‌సైట్‌లో వాళ్ళంతట వాళ్ళే మెయిల్ ఇచ్చినవాళ్ళు 480. ఎగ్జిబిషన్ స్టాల్‌లో లక్కీ డ్రా చీటీల మీద రాసినవాళ్ళు 560. మిగిలిన 420 మంది, తెలిసినాయన ఎవరో “మంచి పార్టీలమ్మా, పనికొస్తారు” అని ఇచ్చిన ఎక్సెల్ షీట్ నుంచి వచ్చారు.

ఆ జనవరి మెయిల్‌కి 189 బౌన్స్‌లు వచ్చాయి, అంటే 9 శాతం. అందులో 97 ఎక్సెల్ షీట్‌వి, 71 స్టాల్ చీటీలవి. కొన్నవాళ్ళూ, సైట్‌లో చేరినవాళ్ళూ కలిపి 1,120 మందిలో బౌన్స్ అయింది 21 మాత్రమే. ఎక్కడ కుళ్ళు ఉందో ఈ లెక్క ఒక్కటే చెప్పేసింది.

బౌన్స్‌లో రెండు రకాలు ఉంటాయి, వాటిని కలిపేయకూడదు. `550 5.1.1` లాగా 5తో మొదలయ్యేది శాశ్వతం. ఈ కోడ్‌కి అర్థం ‘ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు’ అని. అలాంటి అడ్రస్‌ని మొదటిసారే తీసేయాలి. `452 4.2.2` లాగా 4తో మొదలయ్యేది తాత్కాలికం. ఇది మెయిల్‌బాక్స్ నిండిపోయినప్పుడు వస్తుంది. ఇలాంటి వాటికి సర్వర్ తనే మళ్ళీ ప్రయత్నిస్తుంది, వరసగా మూడు నాలుగు మెయిల్స్‌కి అలాగే వస్తే అప్పుడు తీసేయొచ్చు. స్టాల్ చీటీల్లో చాలావరకు చేతిరాత తంటాలే. `gmial.com`, `gamil.com`, `yahoo.con`. స్పష్టంగా తెలుస్తున్నాయి కదా, మనమే దిద్దేస్తే పోలేదా అనిపిస్తుంది. కానీ ఎడమవైపు పేరు కూడా తప్పు చదివి ఉంటే, దిద్దిన అడ్రస్ ఇంకెవరిదో అవుతుంది. మన ఆవకాయ సంగతి వినని మనిషికి మెయిల్ వెళ్తుంది.

లేని అడ్రస్‌లకి పంపితే ఫిల్టర్‌కి ఎందుకంత కోపం? ఎందుకంటే నిజంగా కస్టమర్ ఇచ్చిన అడ్రస్ సాధారణంగా పనిచేస్తుంది. పదిలో ఒకటి పనిచేయట్లేదంటే పంపేవాడు లిస్టు కొన్నాడనో, ఎక్కడో ఏరుకొచ్చాడనో అర్థం. అంతకన్నా ప్రమాదం ట్రాప్ అడ్రస్‌లతో. మనుషులెవరూ వాడని కొన్ని అడ్రస్‌లని స్పామ్ పట్టుకోవడానికే ఉంచుతారు. అవి ఎవరికీ ఆర్డర్ ఇవ్వవు, ఏ ఫారమ్ నింపవు. వాటికి మెయిల్ వచ్చిందంటే అది అడగకుండా పంపిందే. అవి బౌన్స్ కూడా అవ్వవు కాబట్టి లిస్టులో ఎక్కడున్నాయో మనకి కనిపించదు. మొత్తం ఆ మూలాన్నే వదిలేయడం తప్ప వేరే దారి లేదు.

ఇక స్పామ్ బటన్. ఫిర్యాదుల శాతం 0.3 చేరకూడదనీ, 0.1 లోపే ఉంచుకోమనీ గూగుల్ చెప్తుంది. వినడానికి చిన్న భిన్నమే. పిన్ని లిస్టులో జీమెయిల్ అడ్రస్‌లు 1,500 దాకా ఉన్నాయి. అందులో ఐదుగురు ‘ఎవరీవిడ?’ అని బటన్ నొక్కితే గీత దాటేసినట్టే. అడగని 980 మందిలో ఐదుగురు నొక్కరా?

ఈ శాతం చూసుకోవడానికి గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ ఉంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఫిర్యాదుల శాతం లెక్కేసేది ఇన్‌బాక్స్‌లోకి చేరిన మెయిల్స్ మీద. మెయిల్స్ అన్నీ నేరుగా స్పామ్‌లోకే పోతుంటే నొక్కడానికి ఎవరికీ కనిపించవు, అప్పుడు ఫిర్యాదులు సున్నా అని చూపిస్తుంది. అది ఆరోగ్యం కాదు, జ్వరం కొలిచే మనిషి ఇంట్లో లేకపోవడం. పైగా తక్కువ మెయిల్స్ పంపేవాళ్ళకి చాలా రోజులు ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది. అందుకే చిన్న షాపుకి బౌన్స్‌లు, క్లిక్‌లు, రిప్లైలు, కాకినాడ ఫోన్ లాంటి ఫోన్లు, ఇవే అసలు కొలతలు.

ఎక్సెల్ షీట్ మొత్తం తీసేద్దాం అన్నాను. పిన్ని ఒప్పుకోలేదు.

“420 పేర్లురా! కొట్టేస్తే షాపు ఎలా పెరుగుతుంది? పోనీ, ‘మా మెయిల్స్ కావాలా’ అని వాళ్ళని ఒక్కసారి అడిగి చూద్దాం.”

“ఆ అడిగే మెయిల్ కూడా వాళ్ళు అడగని మెయిలే కదా పిన్నీ.”

కాసేపు మాట్లాడలేదు. అప్పుడు కాకినాడ ఆవిడ ఆర్డర్ తీసి చూపించాను. మూడేళ్ళుగా ఏడాదికి ఐదు కేజీలు. “ముక్కూమొహం తెలియని ఈ 420 మంది వల్ల ఈవిడకి మన మెయిల్ అందట్లేదు” అన్నాను. పిన్నికి లెక్కలు నాకంటే బాగా వచ్చు. “తీసెయ్” అంది.

స్టాల్ చీటీల దగ్గర మాత్రం ఆమెదే పైచేయి. పాత చీటీలన్నీ ఒక కవర్‌లో దాచి ఉంచింది. వాటి కింద ‘కొత్త పచ్చళ్ళ కబుర్లు పంపమంటారా?’ అని ఒక గడి అచ్చు వేయించింది. 110 మంది అందులో టిక్ పెట్టారు. వాటిలో బౌన్స్ అయినవి పోగా 92 మంది మిగిలారు. వాళ్ళు అడిగినవాళ్ళే, ఉంచాం. మొత్తం లిస్టు 1,191కి వచ్చింది.

ఇప్పుడు వీళ్ళందరికీ ఒకేసారి పంపేయొచ్చా? అప్పటికే పేరు పోయి ఉంది. పోయిన పేరు వెనక్కి రావాలంటే, మెయిల్ కోసం నిజంగా ఎదురుచూసే వాళ్ళతో మొదలుపెట్టాలి. వాళ్ళు తెరుస్తారు, క్లిక్ చేస్తారు, రిప్లై ఇస్తారు, స్పామ్‌లో కనబడితే బయటికి తీస్తారు. ఆ చేష్టలన్నీ డొమైన్ ఖాతాలో జమవుతాయి. ఎవరు ఎదురుచూస్తున్నారో తెలుసుకోవడానికి ‘ఓపెన్’ల లెక్క నమ్మలేదు. 2021లో ఆపిల్ మెయిల్‌లో వచ్చిన ప్రైవసీ ఫీచర్ వల్ల మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి, మనకి తెరిచినట్టే కనిపిస్తుంది. అందుకని గత ఏడాదిలో కొన్నవాళ్ళు, లింక్ నొక్కినవాళ్ళు, రిప్లై ఇచ్చినవాళ్ళు, ఇంతే తీసుకున్నాం. 410 మంది తేలారు.

ఫిబ్రవరి రెండో వారంలో ఆ 410 మందికే పంపాం. చివర్లో పిన్ని ‘మీకు కారం ఎంత ఉండాలో రిప్లై ఇవ్వండి’ అని ఒక వాక్యం రాసింది. నేను చెప్పింది కాదు, ఆమెకి నిజంగానే కావాలి. 70 మందికి పైగా రిప్లై ఇచ్చారు. వారం ఆగి ఇంకో 400 మందికి. మిగిలిన 381 మంది ఏడాదిగా చప్పుడు లేనివాళ్ళు. మార్చి మొదట్లో వాళ్ళకి ‘ఇంకా మా కబుర్లు పంపమంటారా?’ అని ఒకే ఒక్క లింక్‌తో మెయిల్ పంపాం. 58 మంది నొక్కారు. మిగిలిన 323 పేర్లూ తీసేశాం. వీళ్ళని అడగొచ్చు, ఎందుకంటే ఒకప్పుడు వీళ్ళంతట వీళ్ళే అడ్రస్ ఇచ్చారు. ఎక్సెల్ షీట్ వాళ్ళకీ వీళ్ళకీ తేడా అదే.

ప్రతి మెయిల్‌లోనూ వెళ్ళిపోయే దారి సులువుగా ఉండాలి. అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ దొరకని మనిషి స్పామ్ బటన్ నొక్కుతాడు, అది ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది. అడుగున సన్నటి అక్షరాల లింక్ కాకుండా, హెడర్‌లో ఈ రెండు లైన్లు ఉంటే జీమెయిల్ పైనే, పంపినవారి పేరు పక్కన, ఒక బటన్ చూపించగలదు.

```
List-Unsubscribe: <https://pinnishop.example/u/8f2c>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

రెండో లైన్ ఎందుకంటే, మెయిల్‌లోని లింకులని వైరస్ స్కానర్లు కూడా తెరిచి చూస్తుంటాయి. తెరిస్తే చాలు పేరు పోయేలా ఉంటే, ఏ పాపం తెలియని కస్టమర్ లిస్టులోంచి మాయమవుతాడు. అందుకే 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8058 ప్రకారం బటన్ నొక్కినప్పుడు `POST` రిక్వెస్ట్ వెళ్తుంది, స్కానర్ చేసే మామూలు `GET`తో పేరు పోదు. మా సర్వీస్‌లో దీనికి ఒక టిక్ పెడితే సరిపోయింది.

చివరిది మాటల సంగతి. జనవరి మెయిల్ సబ్జెక్ట్ పూర్తిగా పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో, మూడు ఆశ్చర్యార్థకాలతో, రెండు నిప్పు బొమ్మలతో ఉంది. ‘తొందరపడండి, ఈరోజే ఆఖరు’ అని అర్థం. నిజానికి ఆఖరు రోజుకి ఇంకా రెండు నెలలుంది. లోపల ఒకే ఒక్క పెద్ద పోస్టర్ బొమ్మ, కింద కుదించిన లింక్.

స్పామ్‌అసాసిన్ అనే ఓపెన్ సోర్స్ ఫిల్టర్ చూస్తే ఇది ఎలా లెక్కకొస్తుందో అర్థమవుతుంది. అందులో ఒక్కో లక్షణానికి కొన్ని పాయింట్లు. సబ్జెక్ట్ అంతా పెద్ద అక్షరాలైతే కొంత, మాటల్లేకుండా బొమ్మే ఉంటే కొంత. మామూలు సెట్టింగ్‌లో మొత్తం 5 చేరితే స్పామ్. ఏ ఒక్క మాటా మెయిల్‌ని ముంచదు, అన్నీ కలిసి ముంచుతాయి. పెద్ద కంపెనీల ఫిల్టర్లు ఇంతకంటే చాలా క్లిష్టంగా పనిచేసినా, తర్కం దగ్గరదగ్గరగా ఇదే. బొమ్మ మీద అనుమానం ఎందుకంటే మాటలు దాచాలనుకునేవాళ్ళు బొమ్మల్లో దాస్తారు. కుదించిన లింక్ మీద ఎందుకంటే ఆ డొమైన్‌ని మంచివాళ్ళూ మోసగాళ్ళూ అందరూ వాడతారు, ఆ చెడ్డపేరులో మనకీ వాటా వస్తుంది.

కొత్త మెయిల్ సబ్జెక్ట్: ‘ఆవకాయ బుకింగ్ మార్చి 20 వరకు’. లోపల పిన్ని సొంత మాటలు ఎనిమిది వాక్యాలు, జాడీ ఫొటో ఒకటి, సొంత సైట్ లింక్ ఒకటి. ‘పోయినేడు ఉప్పు కాస్త ఎక్కువైందని కొందరన్నారు, ఈసారి తగ్గిస్తున్నాను’ అని కూడా రాసింది. పోస్టర్ డిజైన్ చేసేవాళ్ళెవరూ ఆ వాక్యం రాయరు. మాటల ప్రభావం ఫిల్టర్ మీద కంటే చదివే మనిషి బొటనవేలి మీద ఎక్కువ. సబ్జెక్ట్‌లో చెప్పిందే లోపల ఉంటే ఆ వేలు స్పామ్ బటన్ వైపు వెళ్ళదు.

మార్చి 20 నాటికి 61 ఆర్డర్లు వచ్చాయి. లిస్టులో అప్పటికి మిగిలినవాళ్ళు 850 మందికి అటూ ఇటూగా ఉన్నారు. పిన్ని మిరపకాయలు ఆ లెక్కకే కొంది. అన్నీ బాగైపోయాయని కాదు. కొందరికి మెయిల్ ఇప్పటికీ ప్రమోషన్స్ ట్యాబ్‌లోకి వెళ్తుంది. అది స్పామ్ కాదు, అమ్మకం మెయిల్‌కి అదే సరైన అర, దానితో పోట్లాడక్కర్లేదు. ఆఫీస్ అడ్రస్‌లు ఇచ్చిన కొందరికి మాత్రం ఇంకా స్పామ్‌లోనే పడుతోంది. వాళ్ళ కంపెనీ ఫిల్టర్ సొంత నియమాలతో నడుస్తుంది, వాళ్ళకి పిన్ని ఫోన్ చేస్తుంది.

ఇప్పుడు ప్రతి మెయిల్ తర్వాత పిన్ని బౌన్స్ పేజీ తనే తెరుస్తుంది. 5తో మొదలైనవి తీసేస్తుంది, 4తో మొదలైనవి నోట్‌బుక్‌లో రాసుకుంటుంది.

మన కాలేజీ ఫెస్ట్ మెయిల్స్ కూడా సగం మందికి స్పామ్‌లోనే పడతాయని అందరికీ తెలుసు. ఈసారి ఒకటి కనబడితే తీసి `Show original` నొక్కి, `d=` పక్కన ఎవరి పేరుందో చూడండి. ఆ తర్వాత, ఆ లిస్టులోకి మీ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో పంపినవాళ్ళని అడగండి.